వెళ్లిపోయే లీడ్ రాసిన హ్యాండోవర్ నోట్‌ను వచ్చే లీడ్ కోసం తిరగరాయడం ఎలా

హ్యాండోవర్ నోట్‌ను మామూలుగా వెళ్లిపోయే మనిషే రాస్తారు. పనంతా తెలిసిన మనిషి కాబట్టి నోట్ కూడా బాగానే వస్తుందని అనుకుంటాం. కానీ పని అంత బాగా తెలిసిన మనిషికి, తన తలలో ఉన్నదాంట్లో ఏది కాగితం మీదికి రాలేదో కనిపించదు. అందుకే ఆ నోట్‌ను ఇంకొకరు తిరగరాయాలి. టీమ్‌లో సీనియర్ రాయొచ్చు, మేనేజర్ రాయొచ్చు. అన్నిటికన్నా మంచిది, రాబోయే లీడే రాయడం. ఒకటే షరతు, పాత లీడ్ ఇంకా కుర్చీలో ఉండగానే ఇది జరగాలి.

ఒక ఊహా టీమ్‌ను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

హన్మకొండలో ఐదుగురున్న సాఫ్ట్‌వేర్ టీమ్. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. రైతుకు ఇచ్చే తక్‌పట్టీ అనే అమ్మకం బిల్లు, హమాలీ, తూకం వేసే దడ్వాయి కూలీల కోత, ఖరీదుదారు నుంచి రావాల్సిన డబ్బు, రైతు ఫోన్‌కు పోయే ఎస్సెమ్మెస్ అన్నీ అందులోనే. లీడ్ చివరి రోజు 2025 ఆగస్టు 29, శుక్రవారం. అక్టోబర్‌లో పత్తి దిగడం మొదలైతే దుకాణాల నుంచి ఫోన్లు ఆగవు. అంటే కొత్త లీడ్‌కు మిగిలేది గట్టిగా ఒక నెల. లీడ్ రాసిచ్చిన నోట్ ఇది:

> 1. మార్కెట్ క్లయింట్ల బిల్లింగ్ నడుస్తోంది. ఇష్యూస్ వస్తే శీనన్నను అడగాలి.
> 2. కొత్త తక్‌పట్టీ ఫార్మాట్ దాదాపు అయిపోయింది. టెస్టింగ్ ఉంది.
> 3. ఎస్సెమ్మెస్ టెంప్లేట్ చూస్తున్నారు.
> 4. బ్యాకప్ రోజూ వస్తుంది. చూసుకోవాలి.
> 5. పాత డేటా కదపొద్దు.
> 6. పెద్ద దుకాణం వాళ్లకు దసరా లోపల ఇస్తామని చెప్పినం.

ఇది చెడ్డ నోట్ కాదు. ఇందులో అబద్ధం లేదు, ముఖ్యమైన పనులు ఆరూ ఉన్నాయి. చాలా ఆఫీసుల్లో ఇంత కూడా ఉండదు. అయినా సెప్టెంబర్ 1 సోమవారం పొద్దున కొత్త లీడ్ దీన్ని పట్టుకుని కూర్చుంటే, ఏ పని ముందు మొదలుపెట్టాలో తెలియదు.

మొదటి మెట్టు: దిద్దకుండా చదవండి

నోట్ చేతికి రాగానే భాష సరిచేయాలని చేయి లాగుతుంది. ఆగండి. ముందు ప్రింట్ తీసి, ప్రతి వాక్యం పక్కన కొత్త మనిషికి వచ్చే ప్రశ్నను పెన్నుతో రాయండి. జవాబు మీకు తెలిసినా సరే, ప్రశ్న రాయండి. శీనన్న ఎవరు? దాదాపు అంటే ఎంత? చూస్తున్నది ఎవరు? బ్యాకప్ ఎక్కడికి వస్తుంది? కదిపితే ఏమవుతుంది? ఏం ఇస్తామని, ఎవరు, ఎవరికి చెప్పారు?

ఈ ప్రశ్నలను దగ్గర పెట్టి చూస్తే దాదాపు అన్నీ మూడు ఖాళీల చుట్టే తిరుగుతుంటాయి. పని ఎవరిది అన్నది లేదు, ఎప్పటికి అన్నది లేదు, ఎందుకు అన్నది లేదు. మొదటి రెండు మన వాక్యాల్లో చాలా సులువుగా జారిపోతాయి, ఎందుకంటే మనం కర్త లేకుండానే హాయిగా మాట్లాడేస్తాం. ‘చూస్తున్నారు’ అంటే మన టీమ్ చూస్తోందా, ఎస్సెమ్మెస్ కంపెనీ చూస్తోందా, క్లయింట్ చూస్తున్నాడా? ‘రిపోర్ట్ పంపిస్తాం’ అని ఉంటే అది ప్రతి నెలా జరిగే పనా, ఇంకా పంపాల్సిన బాకీయా? ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, సందర్భమే చెప్పేస్తుంది. నోట్‌లో ఆ సందర్భం లేదు. కాబట్టి తిరగరాసేటప్పుడు ప్రతి క్రియకూ ఒక కర్తను పెట్టండి. వాక్యం కాస్త మోటుగా వినిపించినా ఫరవాలేదు.

కాలం మాటలకూ అంతే. ‘ప్రస్తుతం’, ‘త్వరలో’, ‘వచ్చే వారం’, ‘సీజన్‌కు ముందు’ అన్నవి రాసిన రోజు దగ్గర నిలబడితేనే అర్థమవుతాయి. ‘దసరా లోపల’ కూడా చూడ్డానికి తేదీలాగే ఉంటుంది. 2025లో దసరా అక్టోబర్ 2. కానీ మన దగ్గర బతుకమ్మ మొదలయ్యాక ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. అసలు గడువు అంతకన్నా ముందే పడుతుంది.

రెండో మెట్టు: లీడ్‌తో కూర్చోండి, కానీ ‘ఇంకేమైనా ఉందా’ అని అడగొద్దు

ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ‘ఏం లేదు, అంతే’ అనే వస్తుంది. గుర్తున్నవన్నీ నోట్‌లో రాసేశారు కదా. గుర్తులేనివి బయటికి రావాలంటే జ్ఞాపకాన్ని కాకుండా జాడల్ని తిరగెయ్యాలి. లీడ్ కంప్యూటర్ ముందే కూర్చుని మూడు చోట్ల వెతకండి: పంపిన మెయిళ్లు రెండు నెలలవి, కిందటి ఏడాది సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా క్యాలెండర్, క్లయింట్లతో ఉన్న వాట్సాప్ గ్రూపులు. కిందటేడు క్యాలెండర్‌ను మాత్రం అస్సలు వదలొద్దు. ఏడాదికోసారి వచ్చే పని ఆగస్టులో ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్నలు కూడా జరిగిన సంగతుల మీద ఉండాలి. ‘పోయిన సీజన్‌లో రాత్రి పూట ఫోన్ ఎప్పుడొచ్చింది? ఎవరు చేసినారు? మీరు మొదట ఏం చూసినారు?’ ఇలా అడిగితే సంభాషణ ఇలా నడుస్తుంది:

‘అన్నా, శీనన్న అంటే ఎవరే?’
‘మన శీనన్న, మార్కెట్ల ఉంటడు గదా.’
‘మన టీమా, దుకాణమోళ్ల మనిషా?’
‘దుకాణం గుమస్తా. కాంటా మిషన్ నుంచి తూకం రాకపోతే ఆయననే కేబుల్ చూస్తడు. సాఫ్ట్‌వేర్ సంగతి ఆయనకేం ఎర్క?’

ఆ చివరి మాటతో మొదటి వాక్యం అర్థమే మారిపోయింది. ‘ఇష్యూస్ వస్తే శీనన్న’ అన్నది తూకం సమస్యకే సరిపోతుంది. లెక్క తప్పు వస్తే ఆయనకు ఫోన్ చేసి లాభం లేదు. పైగా ఆయన మన జీతగాడు కాదు, మంచితనంతో చేస్తున్నాడు. తిరగరాసిన నోట్‌లో ఇవన్నీ ఉండాలి: పూర్తి పేరు, ఏ దుకాణం, ఏ సమస్యకు, ఎన్ని గంటల మధ్య ఫోన్ చేయొచ్చు, ఆయన లేకపోతే ఎవరు. ఇక లీడ్ స్వయంగా తీసుకెళ్లి కొత్త లీడ్‌ను ఆయనకు పరిచయం చేయాలి. ఆ పని ఏ కాగితమూ చేయలేదు.

కూర్చోవడం ఒక్కసారితో ముగించకండి, గంటకు మించి సాగదీయకండి. మొదటిసారి వచ్చిన జవాబులు రాసుకుంటుంటే కొత్త ప్రశ్నలు పుడతాయి. వాటికోసం రెండోసారి కావాలి.

మూడో మెట్టు: సగంలో ఉన్న పనిని రాయడం

రెండో వాక్యాన్ని చూడండి: ‘దాదాపు అయిపోయింది. టెస్టింగ్ ఉంది.’ నోట్ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే ఉంది. కొత్త లీడ్ దీన్ని చదివి ఈ పనిని అడుగుకు తోసేస్తారు, అయిపోయినట్టే కదా అని. సగంలో ఉన్న పనికి నాలుగు సంగతులు రాయాలి: ఏది నిజంగా అయింది, ఏది కాలేదు, తర్వాత వేయాల్సిన అడుగు ఒక్కటి, ‘అయిపోయింది’ అని దేన్ని చూసి చెప్పాలి. శాతాలు రాయకండి. ‘90 శాతం అయింది’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

లీడ్‌ను అడిగి తిరగరాస్తే ఇలా వస్తుంది:

> కొత్త తక్‌పట్టీ ఫార్మాట్ (ఆగస్టు 22 నాటి స్థితి)
> అయినవి: స్క్రీన్, ప్రింట్ రెండూ తయారు. మిర్చి బిల్లులతో మన ఆఫీసులో సరిచూశాం.
> కానివి: పత్తి బిల్లులతో చూడలేదు. పత్తిలో తేమకు కోత వేరే వరుసగా రావాలి, అది ఇంకా ప్రింట్‌లో లేదు. దుకాణాల్లోని పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చూడలేదు.
> తర్వాతి అడుగు: తేమ కోత వరుస చేర్చడం. చేసేది రిపోర్టులు చూసే డెవలపర్, సెప్టెంబర్ 8 లోపు.
> అయిందని ఎట్లా తెలుస్తుంది: కిందటి సీజన్ పత్తి బిల్లులు 20 తీసుకుని కొత్త ఫార్మాట్‌లో కొట్టాలి. రైతుకు చెల్లాల్సిన మొత్తం 20లోనూ పాత బిల్లుతో పైసలతో సహా కలవాలి.
> ఆగితే: పాత ఫార్మాట్ ఇంకా పనిచేస్తోంది. సెట్టింగ్స్‌లో పాతది ఎంచుకుంటే దుకాణం పని ఆగదు.

ఒక వరుస ఉన్నచోట ఇన్ని వరుసలయ్యాయి. నోట్ పొడుగైందని చాలామంది జంకుతారు. కొత్త లీడ్‌కు కాలం తినేది పొడుగు కాదు, వెతుకులాట. చివరి వరుసను చూడండి, ‘ఆగితే’ ఏం చేయాలో చెబుతోంది. అది ఉంటే కొత్త మనిషి గాబరా పడకుండా పని చేయగలుగుతారు. లీడ్‌లు దాన్ని దాదాపు ఎప్పుడూ రాయరు, ఎందుకంటే పాతదానికి మారవచ్చన్నది వాళ్లకు మరీ మామూలు సంగతి.

తిరగరాసేవాళ్లు ఇక్కడ ఊహించి నింపకూడదు. జవాబు దొరక్కపోతే ‘డాట్ మ్యాట్రిక్స్ మీద వస్తుందో రాదో తెలియదు, ఎవరూ చూడలేదు’ అని అలాగే రాయండి. నోట్‌లో తెలియదని ఉంటే కొత్త లీడ్ వెళ్లి చూస్తారు. ‘వస్తుంది’ అని అందంగా రాసి ఉంటే చూడరు. అక్టోబర్‌లో దుకాణం ముందు రైతు నిలబడి ఉన్నప్పుడు అది బయటపడుతుంది.

నాలుగో మెట్టు: ‘చూసుకోవాలి’ అన్నదాన్ని చేతిపనిగా మార్చడం

బ్యాకప్ రోజూ వస్తుంది అన్నారు. అడిగితే తేలింది: రోజూ వచ్చేది ఒక మెయిల్, ‘బ్యాకప్ పూర్తయింది’ అని. లీడ్ ఆ మెయిల్ చూసుకునేవాడు. కానీ స్క్రిప్ట్ చివరిదాకా నడిస్తే ఆ మెయిల్ వచ్చేస్తుంది. డిస్క్ నిండి ఫైల్ సగంలో తెగిపోయినా రావచ్చు. లీడ్‌కు ఈ సంగతి తెలుసు, అందుకే సోమవారాల్లో ఫైల్ సైజు కూడా ఒక చూపు చూసేవాడు. నోట్‌లో మాత్రం ‘చూసుకోవాలి’ అని ఒక్క మాటైంది.

ఇలాంటి మాట కనిపించిన ప్రతిసారీ ఏం తెరవాలి, ఏం కనిపించాలి, కనిపించకపోతే ఏం చేయాలి అన్నవి రాయండి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయి, `mysqldump` మామూలు సెట్టింగ్స్‌తో తీస్తున్న బ్యాకప్ అయితే నోట్‌లో ఇంత చాలు:

```
gzip -t billing_2025-08-25.sql.gz && echo OK
zcat billing_2025-08-25.sql.gz | tail -n 1
```

మొదటి వరుసకు `OK` రావాలి. రెండోదానికి `-- Dump completed on` అని మొదలై తేదీతో ముగిసే వరుస కనిపించాలి. అది లేకపోతే డంప్ మధ్యలో ఆగిందని అర్థం. ఈ రెండూ బాగున్నా ఫైల్ నిండుగా ఉందని మాత్రమే తెలుస్తుంది, దాన్నుంచి దుకాణాన్ని మళ్లీ నిలబెట్టగలమో లేదో తెలియదు. దానికి వేరే మిషన్‌లో రిస్టోర్ చేసి, నిన్నటి తక్‌పట్టీల లెక్క కలిసిందో లేదో చూడాలి. చివరిసారి అలా ఎప్పుడు చేశారో తేదీ రాయండి. ఎప్పుడూ చేయలేదంటే, లీడ్ ఉండగానే ఒకసారి కొత్త లీడ్ చేత చేయించండి.

ఐదో మెట్టు: ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతోంది?

‘టెంప్లేట్ చూస్తున్నారు’ అన్న మూడో వాక్యం వెనక పెద్ద చిక్కు దాగుంది. మన దేశంలో కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌లకు టెలికాం సంస్థల డీఎల్‌టీ పోర్టల్‌లో కంపెనీ పేరు, పంపేవారి హెడర్, మెసేజ్ టెంప్లేట్ మూడూ రిజిస్టర్ అయి ఉండాలి. పంపిన మెసేజ్ టెంప్లేట్‌తో కలవకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. మన సాఫ్ట్‌వేర్‌లో ‘పంపించాం’ అని కనిపిస్తూనే ఉండొచ్చు, రైతు ఫోన్ మాత్రం మోగదు. కొత్త తక్‌పట్టీతో మెసేజ్ వాక్యం మారింది కాబట్టి కొత్త టెంప్లేట్‌కు ఆమోదం కావాలి.

లీడ్‌ను అడిగితే రెండు సంగతులు బయటికొచ్చాయి. దరఖాస్తు పెట్టారు, ‘చూస్తున్నది’ ఆపరేటర్. పోర్టల్ లాగిన్ ఓటీపీ మాత్రం లీడ్ సొంత నంబర్‌కు వస్తోంది. ఆగస్టు 29 తర్వాత ఆమోదం వచ్చిందో తిరస్కరించారో చూడాలన్నా, ఉద్యోగం మారిన మనిషికి ఫోన్ చేసి ‘అన్నా, ఓటీపీ చెప్పవా’ అని అడగాలి. ఒకటి రెండు సార్లు చెబుతారు. ఆ తర్వాత ఆయనా కొత్త ఆఫీసులో మీటింగ్‌లో ఉంటారు.

అందుకే నోట్‌కు ఒక పట్టిక జోడించండి: ఏ సర్వీసు, లాగిన్ ఏ మెయిల్ మీద ఉంది, ఓటీపీ ఏ నంబర్‌కు వస్తుంది, రెన్యువల్ తేదీ ఏది, ఎవరి కార్డు నుంచి డబ్బు పోతుంది. డొమైన్, సర్వర్, ఎస్సెమ్మెస్, పేమెంట్ గేట్‌వే, యాప్ స్టోర్ ఖాతా, ఏవీ వదలొద్దు. సొంత నంబరో సొంత మెయిలో ఉన్న ప్రతిదాన్నీ చివరి రోజుకు ముందే కంపెనీ నంబర్‌కు మార్పించి, ఆ లాగిన్‌తో కొత్త లీడ్‌ను ఒకసారి లోపలికి వెళ్లనివ్వండి. పాస్‌వర్డులు మాత్రం నోట్‌లో రాయకండి. అవి ఎక్కడ భద్రంగా ఉన్నాయో, తెరిచే హక్కు ఎవరికుందో అంతే రాయండి. నోట్ ఎలాగూ వాట్సాప్‌లో తిరుగుతుంది, ఆపలేం.

ఆరో మెట్టు: ‘వద్దు’ అన్న ప్రతిదానికీ కారణం

‘పాత డేటా కదపొద్దు.’ కారణం లేని నిషేధానికి రెండు గతులే ఉంటాయి. భయపడి ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. లేదా తెలివైన కొత్త మనిషి వచ్చి ‘ఇదేంటి చెత్త’ అని శుభ్రం చేసేస్తారు. ఇక్కడ కారణం ఇది: పాత సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన బిల్లుల్లో ఒకే నంబరు రెండు మూడు సార్లు కనిపిస్తుంది. అవి డూప్లికేట్లు కావు. పాత సాఫ్ట్‌వేర్ ప్రతి సీజన్‌కూ నంబర్లను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. డూప్లికేట్లనుకుని తీసేస్తే నిజమైన బిల్లులు పోతాయి.

ఇలాంటి నిర్ణయాలకు నోట్‌లో మూడు వాక్యాలు చాలు. ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏది మారితే మళ్లీ ఆలోచించవచ్చు. మన కేసులో మూడోది: ‘ప్రతి బిల్లుకూ సీజన్ పేరు కలిపితే ఇబ్బంది పోతుంది. కిందటేడు సమయం లేక చేయలేదు. సీజన్ నడుస్తుండగా చేయొద్దు.’ ఇప్పుడు కొత్త లీడ్ పాత మాటకు కట్టుబడి లేరు. తనకు తాను నిర్ణయించుకోవడానికి కావాల్సింది చేతిలో ఉంది.

ఏడో మెట్టు: నోటిమాటగా ఇచ్చినవి

ఆరో వాక్యం, పెద్ద దుకాణానికి ఇచ్చిన మాట. ఏం ఇస్తామన్నారు, సెప్టెంబర్ ఎన్నో తారీఖున, డబ్బు అడుగుతామన్నామా ఉచితమన్నామా, వాళ్ల వైపు విన్న మనిషి ఎవరు, మేనేజర్‌కు తెలుసా? చివరి ప్రశ్నకు జవాబు ‘తెలియదు’ అయితే, నోట్ కొత్త లీడ్ చేతికి వెళ్లే ముందే మేనేజర్‌తో తేల్చుకోండి. తాను ఇవ్వని మాటకు కొత్త మనిషిని మొదటి వారమే బాధ్యుణ్ని చేయకూడదు.

టీమ్ లోపల ఇచ్చిన మాటలూ ఉంటాయి. 2026 మేడారం జాతర జనవరి 28 నుంచి 31 వరకు. ములుగు వైపు నుంచి వచ్చే డెవలపర్‌కు ఆ వారం సెలవు ఇస్తానని పాత లీడ్ ఎప్పుడో ఒప్పుకున్నాడు. రెండేళ్లకోసారి వచ్చే జాతర, ఇంటిల్లిపాదీ పోతారు. కొత్త లీడ్ జనవరిలో కాదంటే గొడవే. ఇలాంటివి రాయండి. కానీ మనుషుల గురించి అభిప్రాయాలు, ‘ఈయన కొంచెం నెమ్మది’ లాంటివి, ఈ నోట్‌లోంచి తీసేయండి. అవసరమైనవి మేనేజర్ నోటితో చెబుతారు. మిగిలినవి కొత్త లీడ్ తన కళ్లతో చూసుకోవడమే న్యాయం.

ఎనిమిదో మెట్టు: వరుస మార్చడం, పరీక్షించడం

లీడ్ తనకు గుర్తొచ్చిన వరుసలో రాస్తారు. చదివేవాళ్లకు కావాల్సింది తేదీల వరుస. కాబట్టి మొదటి పేజీలో సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు జరగాల్సినవి మాత్రమే, తేదీ, పని, ఎవరిది అని పెట్టండి. పైన చేసిన వివరాలన్నీ వెనక పేజీలకు పోతాయి. మొదటి పేజీ ఒక్క పేజీ దాటకూడదు. మిగతాది ఎంత ఉన్నా పర్లేదు.

ఇక పరీక్ష. ఆగస్టు 25, 26 తేదీల్లో కొత్త లీడ్‌ను నోట్‌తో కూర్చోబెట్టి మూడు పనులు చేయమనండి: బ్యాకప్ సరిచూడటం, టెంప్లేట్ స్థితి చూడటం, ఒక దుకాణం నుంచి వచ్చిన తప్పు లెక్క ఫిర్యాదును పట్టుకోవడం. పాత లీడ్ అదే గదిలో ఉండాలి, నోరు విప్పకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, పక్క నుంచి ‘అది కాదు, కింద బటన్’ అని మాట జారుతూనే ఉంటుంది. మాట జారిన ప్రతిచోటా నోట్‌లో ఒక వాక్యం తక్కువైందని గుర్తు పెట్టుకోండి. కొత్త లీడ్ ఆగిపోయిన చోటూ అంతే. ‘అర్థమైందా?’ అని అడిగితే మొహమాటానికి అందరూ అర్థమైందనే అంటారు, ఆ జవాబును లెక్కలోకి తీసుకోకండి.

పరీక్ష తర్వాత దిద్దిన నోట్‌ను లీడ్ ఒకసారి చదివి, తప్పులుంటే చెప్పాలి. ఆ తర్వాత నోట్ పేరులో తేదీ వేసి, దాని మీద హక్కు కొత్త లీడ్‌కు ఇచ్చేయండి. అప్పటి నుంచి దిద్దేది ఆయనో ఆమెనో ఒక్కరే. టెంప్లేట్ ఆమోదం వచ్చిన రోజు ఆ వరుస కొట్టేస్తారు, తక్‌పట్టీ దుకాణాలకు చేరిన రోజు ఆ పేజీ తీసేస్తారు. సెప్టెంబర్ చివరికి మొదటి పేజీలో కొట్టేయని వరుసలు ఏవైనా మిగిలితే, మేనేజర్ వాటి గురించే అడగాలి.